మా రోజుల్లో పాదం జారితే కాగితం చిరిగేది

మా రోజుల్లో బొమ్మను నడిపించడమంటే నడుము విరిగే పని. గాజు పలక కింద లైటు పెట్టిన బల్ల, కాగితాలు కదలకుండా పట్టే పెగ్ బార్, చెక్కిన పెన్సిళ్లు, ఒళ్లంతా రబ్బరు పొట్టు. సినిమా లెక్కన సెకనుకు 24 ఫ్రేములు. మామూలు నడకకు అడుగుకు 12 ఫ్రేములు, కుడి ఎడమలు కలిపితే ఒక చుట్టుకు సరిగ్గా ఒక సెకను. ముందుగా నాలుగు బొమ్మలు వేసుకునేవాళ్లం. మడమ నేలను తాకినది ఒకటి, బరువు దిగి మోకాలు వంగినది ఒకటి, వెనక కాలు ముందు కాలిని దాటుతున్నది ఒకటి, మునివేళ్ల మీద ఒళ్లు లేచినది ఒకటి. ఈ నాలుగూ కుదిరితేనే మధ్య బొమ్మల జోలికి పోయేది. నేలకు ఆనిన పాదం గీత మందం జారినా మా పెద్దాయన మాట మాట్లాడకుండా కాగితం చింపి బుట్టలో వేసేవాడు.

హైదరాబాద్‌లో ఆ కొలువు వదిలి ఆర్మూర్ వచ్చేశాక నాకు రెండే పనులు. పొద్దున పెర్కిట్ దాకా నడవడం, సాయంత్రం ఈ కాలపు పిల్లలను తిట్టడం. ఆ తిట్లలో పెద్ద వాటా మా అక్క కొడుకుది. వాడు ఇంజనీరింగ్ చదివాడు, గల్ఫ్ పోనన్నాడు, ఇంట్లోనే ల్యాప్‌టాప్ ముందు కూర్చుని గేమ్ తయారు చేస్తున్నాడు. గేమ్ సంగతి మాత్రం నాకు నచ్చింది. పసుపు యార్డులో ఒక హమాలీ. కాడి రాశులు, గోళ రాశులు, వాటి మధ్య ఇరుకు సందులు, కాంటా, లారీ. కెమెరా హమాలీ వెనక నుంచి భుజం మీదుగా చూస్తుంటుంది. మా దిక్కు పండే పసుపు చాలావరకు నిజామాబాద్ యార్డుకే పోతుంది, ధర కోసం సాంగ్లీ దాకా పట్టుకుపోయిన రైతులూ ఉన్నారు. అదంతా గేమ్‌లో పెడతానంటాడు. పెట్టనీ. ముందు ఆ హమాలీ నడవాలి కదా!

"నడక ఒక్క పూటల అయిపోతది మామా. బ్లెండ్ ట్రీ ఉంది గదా," అన్నాడు.

ఒక్క పూట! జోర్డాన్ మెక్నర్ 'ప్రిన్స్ ఆఫ్ పర్షియా' కోసం తన తమ్ముడిని పరుగెత్తించి, దూకించి, వీడియో తీసి, ఫ్రేము తర్వాత ఫ్రేము గీతల్లోకి దించుకున్నాడు. ఆ ఆట 1989లో బయటికి వచ్చింది. 1996లో వచ్చిన 'టూమ్ రైడర్'లో లారా పరుగులోంచి ఆగాలంటే ఏ పాదం నేల మీద ఉందో చూసి, ఆ పాదానికి తగిన ఫ్రేము నుంచే ఆగే క్లిప్పులోకి పోనిచ్చేవారు. 2005 నాటి 'రెసిడెంట్ ఈవిల్ 4'లో హీరో తుపాకీ ఎత్తితే కాళ్లు నేలకు అతుక్కుపోయేవి, అంగుళం కదిలేవాడు కాదు. జనం తిట్టుకుంటూనే ఆడారు. చూపు ఒక దిక్కు, నడక ఇంకో దిక్కు ఉండాలంటే ఎంత పని ఉందో అప్పటివాళ్లకు తెలుసు.

ఈ బ్లెండ్ ట్రీ యూనిటీ 4తో, 2012 చివర్లో జనంలోకి వచ్చింది. దీనిలోపలి లెక్కకు పునాది రూన్ స్కోవ్‌బో యోహాన్సెన్ అనే కుర్రవాడు 2009లో డెన్మార్క్‌లోని ఆర్హుస్ విశ్వవిద్యాలయంలో రాసిన సిద్ధాంత వ్యాసంలో ఉంది. చూడటానికి ఒక గ్రాఫ్, అంతే. అడ్డగీత మీద పక్కకు పోయే వేగం, నిలువుగీత మీద ముందుకో వెనక్కో పోయే వేగం. ఒక్కో క్లిప్పుకు ఒక్కో చుక్క. హమాలీ ఇప్పుడు పోతున్న వేగం ఒక ఎర్ర చుక్క. ఆ ఎర్ర చుక్కకు ఏ క్లిప్పులు ఎంత దగ్గరో చూసి, వాటి పాళ్లు కట్టి, ఆ పాళ్లలో ఎముకల కోణాలను కలుపుతుంది. అది చేసేది భంగిమల సగటు. నడక అంటే ఏమిటో దానికి తెలియదు, పాదం అంటే అసలే తెలియదు. నా సణుగుడంతా ఇక్కడే.

మావాడు మొదట `2D Simple Directional` పెట్టాడు. అందులో ఒక దిక్కుకు ఒక క్లిప్పే ఉండాలి. వీడికేమో ముందుకు నడకా ఉంది, పరుగూ ఉంది. అందుకే `2D Freeform Directional` కావాలి. దానికి నట్టనడుమ, సున్నా సున్నా దగ్గర, నిలబడి ఉన్న క్లిప్పు ఒకటి తప్పనిసరి. `2D Freeform Cartesian` అని ఇంకోటి ఉంది గాని, అది రెండు గీతలూ దిక్కులు కానప్పుడు, అంటే ఒకటి వేగం, ఇంకోటి తిరిగే జోరు అయినప్పుడు పనికొచ్చేది.

ఒక సాయంత్రం చూస్తే, హమాలీ ఉత్తరాన నిర్మల్ వైపు మొహం పెట్టి నడిస్తే బాగానే ఉన్నాడు. పడమర నిజామాబాద్ వైపు తిరిగి నడిస్తే మాత్రం ముందుకు పోతూనే కాళ్లు ఎడమ పక్కకు వేస్తున్నాడు. ఈ జబ్బు కనిపిస్తే ఇంకేమీ వెతకనక్కర్లేదు. వేగాన్ని లోకం దిక్కుల్లో ఇచ్చారు, మనిషి దిక్కుల్లోకి మార్చలేదు. బ్లెండ్ ట్రీకి కావలసింది వాడి ఛాతీకి ఏది ముందు, ఏది పక్క అన్నది. మార్చేది మూడే వరుసలు.

```csharp
Vector3 v = transform.InverseTransformDirection(controller.velocity);
animator.SetFloat("VelX", v.x, 0.1f, Time.deltaTime);
animator.SetFloat("VelZ", v.z, 0.1f, Time.deltaTime);
```

ఆ `0.1f` ఎర్ర చుక్క ఎంత నెమ్మదిగా కొత్త చోటికి జరగాలో చెబుతుంది. అది లేకపోతే మీట నొక్కగానే కాళ్లు టక్కున మారిపోతాయి. మరీ పెంచితే ఒళ్లు ఆగిన తర్వాత కూడా కాళ్లు ఆడుతుంటాయి. ఇంకో సంగతి, కెమెరాతో పాటు మనిషి కూడా అటే చూసేలా కట్టినప్పుడే ఈ పక్కనడకకు పని. ఎటు పోతే అటే మొహం తిప్పే మనిషికి `VelX` ఎప్పుడూ సున్నా దగ్గరే ఉంటుంది, అన్ని క్లిప్పులూ దండగ.

తర్వాత చుక్కల స్థానాలు చూశాను. నడక 0.5 దగ్గర, పరుగు 1 దగ్గర. "ఎవడు చెప్పిండ్రా ఈ అంకెలు?" అంటే, "అందరూ గట్లనే పెడతరు మామా," అన్నాడు. అందరూ! చుక్క పెట్టాల్సింది ఆ క్లిప్పు నిజంగా ఎంత వేగంతో నడుస్తుందో అక్కడ, సెకనుకు ఎన్ని మీటర్లో ఆ లెక్కన. క్లిప్పుల్లో మనిషి ముందుకు కదులుతుంటే యూనిటీయే `Compute Positions` తో లెక్క తీసి పెడుతుంది. మావాడు మిక్సామోలోంచి `In Place` అని టిక్కు పెట్టి దించుకున్నాడు కాబట్టి అందరూ ఉన్నచోటే కాళ్లాడిస్తున్నారు, యంత్రానికి తీయడానికి వేగమే లేదు. అలాంటప్పుడు మేము కాగితం మీద స్కేలు పెట్టినట్టే కొలవాలి. నేలకు ఆనిన పాదాన్ని పట్టుకుని, అది ఆనినప్పటి నుంచి లేచేదాకా వెనక్కి ఎంత జరిగిందో, ఎన్ని ఫ్రేముల్లో జరిగిందో చూడాలి. నడకలో పాదం 15 ఫ్రేముల్లో 80 సెంటీమీటర్లు వెనక్కి పోయింది. క్లిప్పు సెకనుకు 30 ఫ్రేములది కాబట్టి అది అర సెకను, అంటే వేగం సెకనుకు 1.6 మీటర్లు. పరుగులో అదే 80 సెంటీమీటర్లు 6 ఫ్రేముల్లో పోయింది. వేగం 4 మీటర్లు. చుక్కలు అక్కడ పెట్టించాను. పక్కనడక కూడా 1.6 దగ్గరే తేలింది.

ఇప్పుడైనా బాగుంటుందా అంటే, ముందుకూ పక్కకూ మధ్య ఐమూలగా పోయినప్పుడు హమాలీ కాళ్లు రెండూ ఒకదానికొకటి కట్టేసినట్టయ్యాయి. మోకాళ్లు వంగవు, అడుగు పడదు, ఒళ్లు మాత్రం తేలుతూ పోతోంది.

"మంచిగనే నడుస్తుండు గదా మామా?"

"నడుస్తుండా? వాని పాదాలు చూడు, మొఖం కాదు."

ఆటలు చేసే ఈ పిల్లలకు ఉన్న పెద్ద జబ్బు ఇదే, పాదాల వైపు చూడరు. బ్లెండ్ ట్రీ రెండు క్లిప్పులను కలిపేటప్పుడు వాటి సమయాన్ని శాతాల్లో జత చేస్తుంది. నడకలో పావువంతు దగ్గర ఉంటే పక్కనడకలోనూ పావువంతు దగ్గరే ఉంటుంది. కాబట్టి అన్ని క్లిప్పుల్లోనూ ఎడమ పాదం మొదట్లోనే, అంటే 0 దగ్గర, నేలను తాకాలి. కుడి పాదం సగంలో, 0.5 దగ్గర తాకాలి. మిక్సామో క్లిప్పులు ఒక్కొక్కటి ఒక్కో కాలితో మొదలైతే ఎవరిననగలం? వీడి నడక ఎడమ కాలితో మొదలైంది, పక్కనడక కుడి కాలితో. ఒకదానిలో ఎడమ కాలు ముందుంటే ఇంకోదానిలో వెనక. రెంటి సగటు ఎక్కడ? రెండు కాళ్లూ నడుమ. కాడి, గోళ కలిపి ఒకటే రాశిగా పోస్తే కాడి ధర వస్తుందా?

దిద్దుబాటు పెద్దదేమీ కాదు. క్లిప్పు ఇంపోర్ట్ సెట్టింగుల్లో `Cycle Offset` ఉంటుంది. పక్కనడకకు అక్కడ 0.5 వేస్తే మొదలు సగం చుట్టు జరిగి, కాళ్లు జత కుదిరాయి. ఎడమ పక్కకు వేరే క్లిప్పు లేక, కుడిదాన్నే `Mirror` టిక్కుతో తిప్పి వాడాడు మావాడు. అద్దంలో తిప్పితే కుడి కాలు ఎడమ కాలవుతుంది కదా, కాబట్టి దిద్దిన కుడి క్లిప్పుకూ తిప్పిన ఎడమ క్లిప్పుకూ మధ్య మళ్లీ సగం చుట్టు తేడా వస్తుంది. ఇది చెప్పకుండానే పట్టుకున్నాడు. ఆ ఒక్క విషయంలో వాణ్ని ఏమీ అనను.

కాళ్లు జత కుదిరినా ఐమూల నడకలో పాదం జారుతూనే ఉంది. ఈసారి మావాడికి కారణం అందలేదు. నాకు లెక్కలు రావని వాడి నమ్మకం, కాగితం మీద వేసి చూపించాను. ముందుకు 1.6, కుడికి 1.6. సరిగ్గా మధ్యన ఐమూలగా అదే 1.6 వేగంతో పోతే చెరో సగం పాలు పడుతుంది. ముందు నడకలోంచి సగం అంటే ముందుకు 0.8. పక్కనడకలోంచి సగం అంటే కుడికి 0.8. ఆ రెండూ కలిస్తే ఐమూలగా పాదం నడిచేది సెకనుకు 1.13 మీటర్లే. ఒళ్లు మాత్రం 1.6 పోతోంది. మిగిలిన 47 సెంటీమీటర్లు ప్రతి సెకనూ నేల మీద జారడమే. ఎన్ని సెట్టింగులు తిప్పినా ఆ 47 ఎక్కడికీ పోదు, ఎందుకంటే రెండు దిక్కుల సగటు ఎప్పుడూ వాటి మధ్య దిక్కు కంటే పొట్టిదే. మందు ఒక్కటే, ఐమూలకు వేరే క్లిప్పు. ముందు కుడి, ముందు ఎడమ, వెనక కుడి, వెనక ఎడమ, నాలుగు. ముందు కుడి చుక్క 1.13, 1.13 దగ్గర పెట్టాలి. అప్పుడు పొరుగు చుక్కల మధ్య 45 డిగ్రీలే మిగులుతుంది, మధ్యలో వచ్చే తరుగు 12 సెంటీమీటర్లకు దిగిపోతుంది. కెమెరా వెనక నుంచి చూస్తుంటే దాన్ని కనిపెట్టే మొనగాడు అరుదు.

దీనికి తోడు కీబోర్డు గొడవ ఇంకోటి. ముందు మీట, కుడి మీట కలిపి నొక్కితే 1, 1 వచ్చి పొడవు 1.41 అవుతుంది. హమాలీ ఐమూలగా 2.26 వేగంతో ఉరికాడు. `Vector3.ClampMagnitude(input, 1f)` వేస్తే దారికి వచ్చాడు.

ఇక వేగం మెల్లగా పెంచినప్పుడు. నడక చుట్టు 1 సెకను, పరుగు చుట్టు 0.7 సెకను. క్లిప్పులు కలిసినప్పుడు ఆ నిడివి కూడా అదే పాళ్లలో కలుస్తుంది. సరిగ్గా మధ్యలో, 2.8 వేగం దగ్గర, చుట్టు 0.85 సెకన్లు. నడక చుట్టులో 1.6 మీటర్లు, పరుగు చుట్టులో 2.8 మీటర్లు, సగటు 2.2. దాన్ని 0.85తో భాగిస్తే సుమారు 2.6. అంటే ఇక్కడ జారుడు సెకనుకు 20 సెంటీమీటర్లు. కీబోర్డు మీద షిఫ్ట్ నొక్కి పరుగెత్తే ఆటలో ఎర్ర చుక్క ఈ మధ్య చోటును రెప్పపాటులో దాటేస్తుంది, ఎవడికీ కనబడదు. జాయ్‌స్టిక్‌ను సగం వంచి అక్కడే ఉండిపోయే ఆటగాడికి మాత్రం కనబడుతుంది. మావాడి గేమ్ కీబోర్డుదే, అందుకని ఇక్కడ చూసీ చూడనట్టు వదిలేశాను. జాయ్‌స్టిక్ పెడితే 2.8 దగ్గర జాగింగ్ క్లిప్పు ఒకటి కావాలి.

వదలకూడనిది నిలబడి ఉన్న క్లిప్పు. వాడు తెచ్చింది నాలుగు సెకన్ల ఊపిరి. వేగం 0.8 దగ్గర, అంటే సగం నిలబడడం సగం నడక అయినచోట, చుట్టు రెండున్నర సెకన్లయింది. అడుగులు నీళ్లలో నడుస్తున్నంత నెమ్మది, ఒళ్లు మాత్రం ముందుకు జారిపోతోంది. నడిమి చుక్కలో ఒక సెకను నిడివి నిలుచున్న భంగిమ పెట్టించాను. అప్పుడు చుట్టు ఒక సెకనే, అందులో పాదం పోయేది 1.6లో సగం, 0.8 మీటర్లు. వేగమూ 0.8. అచ్చంగా సరిపోయింది. ఆ నాలుగు సెకన్ల ఊపిరిని బ్లెండ్ ట్రీ బయట వేరే స్టేట్‌గా పెట్టి, వేగం 0.1 కంటే తగ్గితేనే అందులోకి పోనిచ్చాం.

ఇంత చేశాక మావాడికి ఉత్సాహం వచ్చి, పక్కకు పరుగు, వెనక్కి పరుగు కూడా పెడతానన్నాడు. పెట్టకు అన్నాను. సెకనుకు నాలుగు మీటర్ల వేగంతో పక్కకు అడుగులేస్తూ పరుగెత్తే మనిషిని ఎవడు చూశాడు? అంత వేగం కావాలంటే మనిషి నడుమును అటు తిప్పి మామూలుగానే ఉరుకుతాడు, ఛాతీ మాత్రం ఇటు ఉంచుతాడు. కుడికి కొంచెం ముందుకు ఉరికేటప్పుడు నడుము కుడికి తిరుగుతుంది. అదే కుడికి కొంచెం వెనక్కి ఉరకాలంటే నడుము ఎడమకు తిరిగి, కాళ్లు వెనక్కి పరుగు తీయాలి. ఈ రెండు క్లిప్పులు గ్రాఫ్ మీద పక్క పక్కనే ఉంటాయి గాని వాటి మధ్య సగటు తీస్తే నడుము ఎటూ కాకుండా నిలిచి, కాళ్లు ఒకదానిలోంచి ఒకటి దూరిపోతాయి. పెద్ద స్టూడియోలు దీనికోసం నడుము ఎటు తిరిగి ఉందో గుర్తుపెట్టుకునే రెండు వేరు వేరు బ్లెండ్ ట్రీలు కట్టుకుంటాయి. ఆర్మూర్‌లో ఒక్కడే కూర్చుని చేసే గేమ్‌కు అంత దేనికి? పరుగు ముందుకు మాత్రమే, పక్కకూ వెనక్కీ నడకే అని కోడ్‌లోనే వేగం కట్టేశాం.

ఇప్పుడు మోషన్ మ్యాచింగ్ వచ్చిందట. ఉబిసాఫ్ట్ 2017 నాటి 'ఫర్ ఆనర్'లో వాడింది, ఇప్పుడు అన్‌రియల్‌లోనూ ఉంది. నిమిషాల కొద్దీ మనుషుల కదలిక రికార్డు చేసి పడేస్తే, క్షణక్షణానికీ అందులో సరిపోయే భంగిమను యంత్రమే వెతుక్కుంటుంది, చుక్కలూ వద్దు, పాళ్లూ వద్దు. మావాడు అదే కావాలంటాడు. అంత రికార్డింగు ఎక్కడిది రా అంటే నేల చూపులు చూస్తాడు. ఎనిమిది దిక్కుల నడక క్లిప్పులు, ఒక పరుగు. దాంతో కుదిరే పని ఇది.

కుదిరింది కూడా. ఒప్పుకుంటాను, ఎర్ర చుక్కను వేలితో గుండ్రంగా తిప్పుతుంటే ఆ హమాలీ ఆగకుండా, తెగకుండా అన్ని దిక్కులకూ అడుగులు మార్చుకోవడం మా పెన్సిళ్లతో ఏనాడూ అయ్యే పని కాదు. మేము వేసిన నడక వేసినట్టే ఉండేది, చూసేవాడు మీట నొక్కితే మారేది కాదు.

సంతోషం ఒక పూట నిలవనిచ్చాడా? మరుసటి రోజు హమాలీ వీపు మీద పసుపు బస్తా వేశాడు. కాళ్లకు పాత బ్లెండ్ ట్రీయే, పైన అవతార్ మాస్క్ పెట్టిన ఇంకో లేయర్‌లో చేతులు మాత్రం బస్తా పట్టుకున్నట్టు.

"చూడు మామా, బస్తా ఎట్ల మోస్తుండో!"

"దూది బస్తా అనుకున్నవారా?"

బరువెత్తిన మనిషి చేతులొక్కటే మారతాయా? నడుము ముందుకు వంగుతుంది, అడుగు పొట్టిదవుతుంది, రెండు పాదాలూ నేల మీద ఉండే కాలం పెరుగుతుంది, రాశుల మధ్య సందులోకి పక్కకు దూరేటప్పుడు పాదం ఎత్తడు, ఈడుస్తాడు. అది వేరే నడక. దానికి వేరే క్లిప్పులు, వేరే కొలత, 1.6 దగ్గర కాకుండా ఎక్కడో ఒకటి కింద చుక్కలు. బస్తా క్లిప్పులు మిక్సామోలో దొరికితే దొరకవచ్చు, మన యార్డు హమాలీ మాత్రం దొరకడు. మార్చిలో పసుపు జోరుగా వస్తుంది, అప్పుడు పోయి అడిగి, వాళ్లు సరేనంటే ఒకరిని పక్క నుంచి, ఒకరిని వెనక నుంచి ఫోన్‌లో తీసుకురా, నడుము కింద నుంచి పాదాల దాకా కనబడాలి, మొఖాలు అక్కర్లేదు అని చెప్పాను. ముందు నాలుగు భంగిమలు నేను గీసి ఇస్తానన్నాను.

"కాగితం మీదనా మామా?" అని నవ్వాడు.